అరవై నాలుగు చెక్కముక్కలు

ఎలీషబా టీచరు మీద ఇన్స్పెక్టరు రాసిన ఆ మాటకు కారణం నేనే. నేను సరైన జవాబు చెప్పాను.

మార్కాపురంలో పలకల గనికి దగ్గరగా ఉన్న మా పల్లెలో పుట్టిందామె. తల్లి ఏసమ్మ రోజంతా పలకల అంచులు రాకే పనికి పోయేది. కూతురు కంభంలో టీచరు ట్రైనింగు పూర్తి చేసి వచ్చి, ఇరవై ఆరేళ్ల వయసులో మిషన్ బడి ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. అంతకుముందు మా బడిలో ఆడ టీచర్లంటే ఓనమాలు దిద్దించేవాళ్లే. పెద్ద తరగతికి లెక్కలు చెప్పిన మొదటి ఆడమనిషి ఆమె. దానికి మెచ్చుకున్నవాళ్లకన్నా ముఖం ముడుచుకున్నవాళ్లే ఎక్కువ.

1938 ఫిబ్రవరిలో, ఒక బుధవారం, డిప్యూటీ ఇన్స్పెక్టరు రంగనాయకులు గారు తనిఖీకి వచ్చారు. చేతిలో ఒక టైపు కాగితం. అందులో ప్రశ్నలూ, పక్కనే జవాబులూ ఉన్నాయి. మా తరగతిలో నన్ను లేపి అడిగారు.

"నాలుగు పక్కలూ, పైనా కిందా సమానంగా ఉన్న పెద్ద చెక్క దిమ్మ. ఆరు వైపులా ఎర్ర రంగు పూశారు. ఒక్కో అంచుకు నాలుగు ముక్కలొచ్చేలా కోస్తే అరవై నాలుగు చిన్న దిమ్మలయ్యాయి. వాటిలో సరిగ్గా రెండు వైపుల రంగున్నవెన్ని?"

టీచరు మాకు అగ్గిపెట్టె చూపించి చెప్పిన పద్ధతి గుర్తొచ్చింది. రెండు వైపుల రంగుండేది అంచుల మీదే. ఒక్కో అంచులో నాలుగు ముక్కలు. రెండు చివర్లవీ మూలముక్కలు, వాటికి మూడు వైపులా రంగుంటుంది. నడుమ మిగిలేది రెండు. అంచులు పన్నెండు.

"ఇరవై నాలుగు సార్," అన్నాను.

ఆయన కాగితం చూశారు. "తప్పు. నలభై ఎనిమిది. ఒక్కో ముఖం మీద అట్లాంటివి ఎనిమిదుంటాయి. ఆరు ముఖాలు. ఆరెనిమిదులు ఎంత?"

నేను నోరు తెరవకముందే టీచరు ముందుకొచ్చింది. "అయ్యగారూ, అంచు మీది ముక్క రెండు ముఖాల్లోనూ కనబడుతుంది. అది రెండుసార్లు లెక్కకొచ్చింది."

"నిన్ను అడిగానా?"

"మూడు వైపుల రంగున్నవి ఎనిమిది, ఒక వైపువి ఇరవై నాలుగు. మీ నలభై ఎనిమిది వాటితో కూడితే ఎనభై అవుతాయి. కోసింది అరవై నాలుగే గదండీ."

హెడ్మాస్టరు దేవదానం గారు ఆమె వైపు చూసి కళ్లతోనే వద్దన్నారు. ఇన్స్పెక్టరు నవ్వారు. "రాళ్లు కొట్టే చోట నుంచి తెచ్చి లెక్కలు చెప్పమంటే ఇట్లాగే ఉంటుంది," అని హెడ్మాస్టరుతో అన్నారు, ఆమె అక్కడ లేనట్టు. తనిఖీ పుస్తకంలో ఇలా రాశారు: "ఎనిమిదవ తరగతి ఉపాధ్యాయినికి గణితజ్ఞానం చాలదు. చిన్న తరగతికి మార్చవలెను."

ఆ సాయంత్రం ఆమె ఏడవలేదు. పలకలకు చెక్క చట్రాలు చేసే కాశయ్య దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని పోయింది.

"మామా, ఇంత దిమ్మ ఒకటి కావాల. అన్ని వైపులా ఒకటే కొలత. ఎర్ర రంగు పూసి, ఆరినాక నాలుగేసి ముక్కలు కొయ్యాల."

"కోసేదానికి రంగెందుకమ్మా?"

"కోసినాక తెలుస్తాది."

కాశయ్య బండి చక్రాలకు పూసే రంగే దానికి పూశాడు. శుక్రవారానికి ఆరింది. ముక్కలు జారకుండా పురికొసతో బిగించి, ఒక దిక్కున మూడు కోతలు, అడ్డంగా మూడు, నిలువునా మూడు కోశాడు. తొమ్మిది కోతలకు అరవై నాలుగు ముక్కలు. కింద కూర్చుని తనే ఏరాడు. మూడు వైపులవి ఒక కుప్ప, రెండు వైపులవి ఒకటి, ఒక వైపువి ఒకటి, అసలు రంగే తగలనివి ఒకటి. కడపటి కుప్పలో ఎనిమిది తెల్లముక్కలున్నాయి.

"రెండు వైపులవి ఇరవై నాలుగే ఉండాయి," అన్నాడు. "నలభై ఎనిమిదని ఎవరన్నా అంటే, ఆ మనిషి రంపం పట్టలేదని అర్థం."

శనివారం బోర్డు బడిలో ఉపాధ్యాయుల సభ. గిద్దలూరు నుంచీ, బేస్తవారిపేట నుంచీ నలభై మంది దాకా వచ్చారు. చెక్కముక్కల మూట మోసుకుని నేనూ టీచరు వెంట పోయాను. రంగనాయకులు గారు గణితబోధన మీద ఉపన్యసిస్తూ, ఈ ఊళ్లో ఒక బడిలో టీచరుకే దిమ్మల లెక్క రాదని చెప్పి నవ్వించారు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆమె మూట తీసుకుని లేచింది.

"ఆ బడి మాదే. ఇవి అరవై నాలుగు, అయ్యగారూ. వీటిలో నలభై ఎనిమిది ఏరి ఇయ్యండి."

మూట విప్పి బల్ల మీద పోసింది. ఒక ముక్క దొర్లి ఆయన బూటు దగ్గర పడింది. ఆయన దాన్ని ముట్టలేదు.

"కూర్చో. ఇది ఆటలాడే చోటు కాదు."

"లెక్కపెట్టండి, కూర్చుంటా."

గిద్దలూరు నుంచి వచ్చిన చెంచయ్య అనే ముసలి పంతులు లేచి, ఎవరినీ అడక్కుండా ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. ఇంకో ఇద్దరు కలిశారు. ఎనిమిది, ఇరవై నాలుగు, ఇరవై నాలుగు, ఎనిమిది. పంతులు పైకే కూడాడు. "అరవై నాలుగు. సరిపోయినాయి."

ఇన్స్పెక్టరు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "జవాబుల కాగితంలో అలా ఉంది. నేనేం చెయ్యను?"

"పుస్తకంలో నా మీద రాసింది కొట్టెయ్యండి."

"సంతకం చేశాక కొట్టేయడానికి లేదు."

సోమవారం ఆయన పుస్తకం తెప్పించుకుని కింద ఒక వాక్యం చేర్చి పంపారు: "ఇరవై నాలుగు కూడా అంగీకరించదగిన జవాబే."

ఆమె అది చదివింది. "కూడా ఏంది సార్?" అని దేవదానం గారిని అడిగింది. "నలభై ఎనిమిదీ ఒప్పే, ఇరవై నాలుగూ ఒప్పేనా?"

"చాల్లే అమ్మాయ్. అంత పెద్దాయన వంగినాడు గదా."

"ఆయన వంగలేదు. లెక్కను వంచినాడు."

కర్నూలులో ఉండే జిల్లా విద్యాధికారికి అర్జీ రాసింది. దేవదానం గారు దాన్ని పదకొండు రోజులు సొరుగులో పెట్టుకున్నారు. ఆమె ఇంకో ప్రతి రాసి తనే రిజిస్టరు టపాలో పంపింది. జూన్‌లో యాజమాన్యం ఆమెను యర్రగొండపాలెం దగ్గర అడవి అంచున ఒక పాకబడికి మార్చింది. పైవారిని దాటి అర్జీ పెట్టడం క్రమశిక్షణ కాదట. సెప్టెంబరులో కర్నూలు నుంచి జవాబొచ్చింది. సదరు వ్యాఖ్య రద్దు చేయడమైనది, అని ఒక్క ముక్క. పాకబడి నుంచి మాత్రం ఎవరూ వెనక్కి పిలవలేదు. అక్కడే పిల్లలకు ఆరేళ్లు అ ఆలు దిద్దించింది. నాకు ఇది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తప్పు లెక్క చెప్పినాయన మాత్రం పై పదవికి వెళ్లాడు.

1944లో దేవదానం గారు దిగిపోయాక ఆమె మార్కాపురం వచ్చి మళ్లీ ఎనిమిదో తరగతి తీసుకుంది. మూడేళ్ల తర్వాత అదే బడిలో నాకూ ఉద్యోగం దొరికింది. చేరిన వారంలోనే పాత తనిఖీ పుస్తకం తీసి చూశాను. ఇన్స్పెక్టరు రాసిన మాటా ఉంది, ఆయన "కూడా" ఉంది. రద్దు చేసిన సంగతి ఎక్కడా లేదు. కర్నూలు కాగితం అదే బీరువాలో, పాత హాజరుపట్టీల కింద మడిచి ఉంది. ఎవరూ ఎక్కించలేదు.

దాన్ని నేనే తనిఖీ పుస్తకంలో పూర్తిగా ఎక్కించి, కొత్త హెడ్మాస్టరు దగ్గర సంతకం పెట్టించాను. ఆ సంగతి చెప్పడానికి టీచరు తరగతికి పోయాను. ఆమె నల్లబల్ల మీద భిన్నాలు వేస్తోంది. విని, సుద్దముక్క దించింది.

"నంబరు, తేదీ కూడా ఎక్కించినావా యేసుమణీ?"

"ఎక్కించినా టీచర్."

"తొమ్మిదేండ్లు పట్టింది," అంది. కోపంతోనే. తర్వాత బల్ల వైపు తిరిగి, సగంలో ఆపిన భిన్నం పూర్తి చేసింది.