అత్తయ్య కాగితాలకు ఏ రూపం

అత్తయ్యకు గుండె బలహీనపడి ఆసుపత్రిలో ఉండి వచ్చాక మా ఇల్లు కాగితాలతో నిండిపోయింది. అన్నీ ఇంగ్లీషులోనే. మా ఆయనకు వర్క్‌షాపులో షిఫ్టులు. నేను న్యూ సెటిల్‌మెంట్ కాలనీ బడిలో టీచర్ని. పగలు అత్తయ్యను చూసుకోవడానికి ఓల్డ్ సెటిల్‌మెంట్ నుంచి మా ఆయన అక్క, మా వదిన, సైకిల్ మీద వచ్చేది. ఆమె చదువు తెలుగులోనే.

అందుకని ప్రతి కాగితాన్నీ ఫోన్లో ఫొటో తీసి, ఏఐ యాప్‌లో పెట్టి, "తెలుగులో పాయింట్లుగా ఇవ్వు" అనేదాన్ని. అలసటలో అంతకన్నా ఆలోచించే ఓపిక ఉండేది కాదు. ఆహారం కాగితం అలాగే బాగా వచ్చింది: ఉప్పు తగ్గించాలి, పచ్చళ్లు వద్దు, అప్పడాలు వద్దు. వరుస మారినా నష్టం లేదు.

డిశ్చార్జి కాగితం అలా కాదు. ఒక మధ్యాహ్నం బడికి వదిన ఫోన్ చేసింది.

"ఒలే, నీళ్ల బిళ్ల ఇంకోటి ఎయ్యమని ఉంది. ఎయ్యనా? అమ్మ ఒప్పుకోట్లేదు. పొద్దున్నే ఏసినావు కదా, మళ్లీ ఏటంటాది."

"ఆగు వదినా, వెయ్యకు."

ఫోన్లో ఉన్న అసలు కాగితం ఫొటో తెరిచి చూశాను. ఒంట్లో నీరు తీసే ఆ బిళ్ల రోజూ పొద్దున ఒకటి. రెండు రోజుల్లో బరువు రెండు కిలోలు పెరిగితే, డాక్టర్‌ను అడిగాక, మధ్యాహ్నం ఇంకొకటి. అంతా ఒకే వాక్యం. యాప్ దాన్ని మూడు పాయింట్లుగా విడదీసింది: పొద్దున ఒక బిళ్ల. బరువు చూడాలి. మధ్యాహ్నం ఇంకొకటి. బరువు పెరిగితేనే అన్నదీ, డాక్టర్‌ను అడగాలన్నదీ పోయాయి.

"ఇదేటి తెలుగు! బరువు పెరిగితేనే అని రాయొద్దూ?" అంది వదిన, అసలుది చదివి చెప్పాక. మధ్యాహ్నం బిళ్ల వద్దని మళ్లీ చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆ సాయంత్రం ఆ కాగితాన్ని పేరాగానే, ఒక్క షరతూ వదలకుండా తెలుగులోకి మార్చమని అడిగాను. వచ్చినదాన్ని అసలుతో పోల్చి, వదినకు చదివి వినిపించాను. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన ఇంటి జాగ్రత్తల పుస్తకం పొడుగ్గా ఉంది. దాన్ని స్నానం, నడక, నిద్ర అని శీర్షికలు పెట్టి, వాటి కింద చిన్న అంశాలుగా అడిగాను. కావలసినది వదిన వెతుక్కోగలిగింది.

రక్తపరీక్షలకు మాత్రం పట్టికే కావాలి. ఒక్కో రిపోర్టు విడిగా చదివితే కొత్తగా ఏమీ తెలియలేదు. తేదీలు పైన, పరీక్షలు పక్కన పెట్టించి, ప్రతి అంకెనూ రిపోర్టుతో సరిచూసుకుని డాక్టర్‌కు చూపించాను. ఆయన కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ వరుస మీద వేలు జరిపారు. "ప్రతిసారీ పెరుగుతోంది," అని నీళ్ల బిళ్ల మోతాదు తగ్గించారు. వారం తర్వాత మళ్లీ పరీక్ష చేయించమన్నారు.

తర్వాతి రిపోర్టులో అంకె కొంచెం దిగింది. అత్తయ్య వరండా దాకా నడుస్తోంది. వదినకు మోకాళ్ల నొప్పులు. ఇప్పుడు రోజు విడిచి రోజు వస్తోంది. ఆమె రాని రోజు నేను బడికి సెలవు పెడుతున్నాను.