తమ్ముడు దొరికాడు అనే హ్యాష్‌ట్యాగ్

మా సంఘంలో జ్వరం తగ్గించమని ఎవరూ ప్రార్థన చెయ్యరు. తగ్గించినందుకు స్తోత్రం అంటారు. ఉద్యోగం రాకముందే వచ్చిందని లేచి నిలబడి సాక్ష్యం చెబుతారు. అడిగింది పొందామని నమ్మాలి, నమ్మినదాన్ని నోటితో ఒప్పుకోవాలి. సంఘకాపరి అయిన మా నాన్న నాకు అక్షరాలకంటే ముందు నేర్పిన సంగతి ఇదే. సంఘం వాట్సాప్ గ్రూపులోనూ అదే పద్ధతి. ఆపరేషన్ బల్ల మీద మనిషి ఉండగానే చప్పట్ల బొమ్మలు, చేతులెత్తిన బొమ్మలు వరసగా వచ్చిపడతాయి.

నేను రష్యన్ చదువుకున్నాను. భవానీపురంలో ఇంట్లోనే కూర్చుని ఒక అనువాద కంపెనీకి పనిచేస్తాను. జనం ఫోన్లలో రాసుకునే పోస్టులు, చాటింగులు యంత్రం రష్యన్‌లోకి మారుస్తుంది, నేను దిద్దుతాను. యంత్రం తప్పులు చాలావరకు మర్యాద తప్పులే. ఆకతాయి మాటను ఆఫీసు ఉత్తరంలా రాస్తుంది. ఎమోజీలు రాసినవాళ్ళు పెట్టినచోటే ఉంచాలి. హ్యాష్‌ట్యాగ్‌ను అక్కడి జనం వాడే మాటలోకి మార్చాలి, మధ్యలో ఖాళీ వస్తే అది తెగిపోతుంది. థాంక్యూకి ఇక్కడ పొట్టి రూపం ఉన్నట్టే అక్కడా మూడక్షరాలది ఒకటి ఉంది, అదే పెట్టాలి. రష్యన్లు నవ్వు బొమ్మ కూడా అంతగా పెట్టరు. వాక్యం చివర మూసే బ్రాకెట్ ఒకటి పెడితే అదే చిరునవ్వు. చిన్న మెసేజికి చివర ఫుల్‌స్టాప్ పెడితే మాత్రం ముఖం తిప్పుకున్నట్టు.

మా సంఘంలోనే జాకెట్లు కుట్టే ఒకామె ఉంది, సంఘం వరసలో నాకు చెల్లి. ఆమె తమ్ముడు ఆటోనగర్‌లో లారీ బాడీలకు వెల్డింగ్ చేసేవాడు. హనుమాన్ జంక్షన్‌లో ఒక ఏజెంటు పట్టుకుని, రష్యాలో ఓడల మరమ్మతు పని ఇప్పిస్తానని, తూర్పు చివర ఒక రేవు పట్టణానికి పంపించాడు. కొన్నాళ్ళు వీడియో కాల్స్ వచ్చాయి. తర్వాత, గది మారుతున్నామక్కా, మళ్ళీ చేస్తా అని ఒక మెసేజి, పక్కన బొటనవేలు బొమ్మ. ఆ తర్వాత ఏమీ లేదు. ఏజెంటు ఫోను ఆగిపోయింది. అక్కడా ఇక్కడా ఆఫీసులకు పెట్టిన అర్జీలకు, చూస్తున్నామని తప్ప జవాబు లేదు.

ఆరాధన అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చి, అక్కా, వాళ్ళ భాషలో వాళ్ళ ఊరివాళ్ళనే అడుగుదామండీ అంది. నాకూ అదే మంచిదనిపించింది. రష్యాలో ప్రతి ఊరికీ ఒక గ్రూపు ఉంటుంది. నీళ్ళు రాలేదని, కుక్క తప్పిపోయిందని, అన్నీ అందులోనే రాసుకుంటారు. ఆమె ఫోనులోనే ఖాతా తెరిచాము. ఆమె ఇంగ్లీషు అక్షరాల తెలుగులో రాసింది: అందరికీ నమస్తే, మా తమ్ముడు కనబడట్లేదు, చూసినవాళ్ళు ప్లీజ్ చెప్పండి, వాడికి చలి పడదు. నమస్కారం బొమ్మ, ఏడుపు బొమ్మ. నేను వాటిని కదపలేదు. నమస్తేకి బదులు, అక్కడ కుర్రకారు పదిమందినీ పిలుచుకునే చనువు మాట పెట్టాను. ప్లీజ్‌ని వాళ్ళ రెండక్షరాల్లో రాశాను. మనిషి కోసం వెతుకుతున్నాం అని అక్కడివాళ్ళు వాడే హ్యాష్‌ట్యాగ్, తమ్ముడి ఫోటో తగిలించాను. చలి పడదన్న మాట మాత్రం ఉన్నదున్నట్టు వచ్చింది.

ఆ మాటే పనిచేసింది. ఆ పట్టణంలో రొట్టెల కొట్టు నడిపే ఒకావిడ జవాబు రాసింది. అలాంటి కుర్రాడిని బస్టాపు దగ్గర చూశాను, పల్చటి చొక్కాతో ఉన్నాడు, వెంట ఇంకో ఇద్దరు ఉన్నారు, మా ఆయన ఓడల యార్డులోనే పని, అడిగి చెబుతాను అని. చివర బ్రాకెట్. ఆ గుర్తేమిటని మా చెల్లి అడిగింది. నవ్వమ్మా అని చెప్పాను. స్క్రీన్ మీద దాన్ని వేలితో తడిమింది.

ఆదివారం ఆమె సాక్ష్యం చెప్పింది. తమ్ముడు దొరికాడు, స్తోత్రం అంది. సంఘమంతా లేచి చప్పట్లు కొట్టాం, నేనూ కొట్టాను. సాయంత్రం మా ఇంటికొచ్చి అదే మాట రష్యన్ గ్రూపులో పెట్టమంది. అందరికీ థాంక్స్, మా తమ్ముడు దొరికాడు, దేవుడు గొప్పవాడు. మూడు పండగ బొమ్మలు, చేతులెత్తిన బొమ్మ, తమ్ముడు దొరికాడు అనే హ్యాష్‌ట్యాగ్.

అక్కడ ఆ మాట పెడితే వెతకడం ఆపేస్తారమ్మా అన్నాను. దొరికాడు, ప్రాణంతో ఉన్నాడు అని రాసి పోస్టు మూసెయ్యడం వాళ్ళ పద్ధతి.

"వెతికేది వాళ్ళు కాదుగా అక్కా, దేవుడు."

"నిజమేనమ్మా. కానీ వాళ్ళు మన సంఘంవాళ్ళు కాదు. మనం నమ్మి అన్నామని వాళ్ళకు తెలియదు. వెతుకుతున్నాం అనే ఉంచుదాం."

"పొద్దున దేవుడి ముందు దొరికాడన్నాను. సాయంత్రం వాళ్ళ ముందు దొరకలేదంటే నాకు రెండు నాలుకలున్నట్టేగా? మీరు పాస్టరు గారి అమ్మాయి, మీరే చెప్పండి."

అలాంటి విశ్వాసం మా నాన్న బోధించింది, నేను పాడింది, పిల్లలకు నేర్పింది. దాన్ని ఆమె అక్షరాలా పట్టుకుని నా గుమ్మంలో నిలబడింది. రాసిన మాటకు కలపకూడదు, తీయకూడదు. నా ఉద్యోగంలోనూ అదే, నేను నమ్మే దేవుని వాక్యంలోనూ అదే. ఆమె రాసిన హుషారుతోనే రష్యన్ చేశాను, హ్యాష్‌ట్యాగ్‌కు అక్కడివాళ్ళు వాడే దొరికాడు అన్నదే పెట్టాను. బాగా కుదిరింది. ఆ ఊరిపిల్ల ఎవరో రాసినట్టే ఉంది.

తెల్లవారేసరికి పోస్టు కింద హృదయాలు నిండిపోయాయి. దేవుడికి స్తోత్రం అని రష్యన్లో ఎందరో రాశారు. అవి చదివి వినిపిస్తుంటే మా చెల్లి, చూశారా, వాళ్ళూ ఒప్పుకుంటున్నారు అంది. రొట్టెల కొట్టు ఆవిడ, ఎంత సంతోషమో, అయితే మా ఆయన్ను ఇక అడగను అని రాసి మూడు బ్రాకెట్లు పెట్టింది. గ్రూపు నడిపే అతను మొదటి పోస్టు మీద దొరికాడు, ప్రాణంతో ఉన్నాడు అని రాసి వ్యాఖ్యలు మూసేశాడు.

వారం గడిచినా తమ్ముడి ఫోను రాలేదు. అప్పుడు ఆమే, ఇంకా దారిలో ఉన్నాడేమో, మళ్ళీ అడుగుదామా అక్కా అంది. గొంతు తగ్గించి అంది, ఎవరైనా వింటారేమోనన్నట్టు. పొరపాటు కాదు, మా విశ్వాసంలో మేం ముందే కృతజ్ఞత చెబుతాం, మనిషి ఇంకా రాలేదు అని రాశాను. ఎంత చనువుగా రాసినా, ఎక్కడ ఏ బొమ్మ పెట్టినా, ఆ వాక్యం ఆ భాషలో అబద్ధంలాగే కనబడింది. గ్రూపు నడిపే అతను దాన్ని ప్రచురించలేదు. మొన్న దొరికాడన్నారు, ఇవాళ లేడంటున్నారు, రేపు డబ్బు సాయం చెయ్యమంటారు, ఇలాంటి మోసాలు మాకు తెలుసు అన్నాడు.

రొట్టెల కొట్టు ఆవిడకు విడిగా రాశాము. ఒక రోజు ఆగి జవాబిచ్చింది. దొరికాడని మీరే రాశారు. ఇందులో తలదూర్చవద్దని మా ఆయన అంటున్నాడు. ఇక నాకు రాయకండి. అంతే.

తెలుగులో చెప్పాను. మా చెల్లి ఫోను దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఆ నవ్వు గుర్తు పెట్టలేదా అక్కా?"

"లేదమ్మా. చుక్క పెట్టింది."

తర్వాత ఇంకో రెండు గ్రూపుల్లో వెతుకుతున్నాం అని పెట్టాము. చూసినవాళ్ళెవరూ లేరు. పల్చటి చొక్కా ఎవరికీ గుర్తులేదు.

ప్రతి ఆదివారం ఆమె ఇప్పటికీ తమ్ముడిని ఇచ్చినందుకు స్తోత్రం అంటుంది. మేమందరం ఆమెన్ అంటాం. నేనూ అంటాను, నమ్మే అంటాను. కానీ చప్పట్లు ఆగిపోయాయి.

ఆరాధన అయ్యాక నా పక్కన కూర్చుని ఫోను తెరిచి ఆ దొరికాడు హ్యాష్‌ట్యాగ్ నొక్కుతుంది. దాని కింద మా పోస్టు ఎప్పుడో అడుగుకు పోయింది. పైన కొత్తవి వస్తుంటాయి. మంచులో కారు ఆగిపోయినవాడు, ఇంటి నుంచి అలిగి వెళ్ళినవాడు, ఆసుపత్రిలో తేలినవాడు. ఒక్కొక్కటీ చూపించి ఏం రాశారక్కా అంటుంది.

"వాళ్ళ తమ్ముడు దొరికాడట," అంటాను.

"స్తోత్రం," అని తర్వాతది నొక్కుతుంది.