అందరికీ అర్థమైన డెన్సిటీ

మా వైపు ప్రైవేటు డిగ్రీ కాలేజీల్లో లెక్చరరు ఉద్యోగానికి డెమో క్లాసు చెప్పాలి. నిజం పిల్లల్నే కూర్చోబెడతారు. వెనక బెంచీలో కరస్పాండెంటు గారు కూర్చుంటారు. క్లాసయ్యాక ఆయన లేచి, “అర్థమైందా?” అంటారు. “అర్థమైంది సార్” అని పిల్లలంతా ఒక్క గొంతుతో అంటారు. ఎవరు చెప్పినా అదే జవాబు, ఏం చెప్పినా అదే రాగం. కాబట్టి డెమోలో తప్పడమనేది ఉండదని అందరూ అనేవారు. ఆ ఘనత నాకు దక్కింది.

నేను స్టాటిస్టిక్స్ చదివాను. వినుకొండలో నేను పాఠాలు చెప్పిన కాలేజీవాళ్లు, చేరే పిల్లలు లేరని ఆ గ్రూపే ఎత్తేశారు. ఇక మిగిలింది నరసరావుపేటలో ఒక కాలేజీ, లేదంటే మా ఆయన పురుగుమందుల కొట్టు. ఆయన మంచివాడే. గల్లాపెట్టె పక్కన నాకోసం కుర్చీ కూడా తుడిపించి ఉంచాడు. “ఏందే, కొట్టుకొచ్చే రైతు నిన్ను డెన్సిటీ అడుగుతాడా? ఇంక ఆ పుస్తకాలు అటకెక్కించు” అన్నాడు. పేట కాలేజీ పోతే నా చదువు అంతటితో సరి.

డెమోకి ఇద్దరం వెళ్లాం. రెండోవాడు ఇస్త్రీ చొక్కా కుర్రాడు. లెక్క ఇచ్చింది స్టాటిస్టిక్స్ హెడ్డు, పెద్ద సారు. ఆ కాలేజీలో పిల్లలు చదివే మెటీరియల్ ఆయన స్వహస్తాలతో రాసిందే. అందులోంచే తీసిచ్చారు. ఎక్స్ అనే సంఖ్య మైనస్ ఒకటికీ రెండుకీ మధ్య ఎక్కడైనా సమానంగా పడుతుంది. దాని వర్గం వై. వై డెన్సిటీ, అంటే ఏ విలువ దగ్గర ఎంత దట్టంగా పడుతుందో, కనుక్కోండి. ఇద్దరికీ అదే లెక్క.

కుర్రాడు ముందు చెప్పాడు. మెటీరియల్లో ఉన్న సూత్రం బోర్డు మీద దించాడు. రూట్ వై దగ్గర ఎక్స్ డెన్సిటీ మూడోవంతు, మైనస్ రూట్ వై దగ్గర మూడోవంతు, రెండూ కలిపి రెండు రూట్ వైతో భాగించండి. వన్ బై త్రీ రూట్ వై. వై సున్నా నుంచి నాలుగు దాకా. చాక్‌పీసు సగం కూడా అరగలేదు. “అర్థమైందా?” “అర్థమైంది సార్.” పెద్ద సారు తన జవాబు తనకే వినిపించినందుకు తల పంకించారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

నాకు ఒళ్లు మండింది. ఆ జవాబు తప్పు. అది తప్పని చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే నేను చదివింది ఎందుకు? బోర్డు తుడిచి మొదట్నుంచి మొదలుపెట్టాను.

“డెన్సిటీ జోలికి ఇప్పుడే పోవద్దు. వై ఒక హద్దు దాటకుండా ఉండే ప్రాబబిలిటీ ఎంతో ముందు కడదాం. దాన్ని డిఫరెన్షియేట్ చేస్తే డెన్సిటీ అదే వస్తుంది” అన్నాను. ఎక్స్ వర్గం బొమ్మ గీశాను, రెండు కాళ్లూ పైకెత్తినట్టుండే వంపు గీత. కుడికాలు రెండు దగ్గర ఆగుతుంది, ఎడమకాలు మైనస్ ఒకటి దగ్గరే ఆగుతుంది. హద్దు ఒకటికి లోపలుంటే ఎక్స్ మైనస్ రూట్ వై నుంచి రూట్ వై దాకా తిరగొచ్చు. మొత్తం పొడవు మూడు కాబట్టి ప్రాబబిలిటీ టూ రూట్ వై బై త్రీ. డెన్సిటీ వన్ బై త్రీ రూట్ వై. ఇక్కడిదాకా మెటీరియల్ కరెక్టే. హద్దు ఒకటిని దాటాక ఎడమవైపు చోటు అయిపోయింది. ఎక్స్ మైనస్ ఒకటి నుంచి రూట్ వై దాకానే. ప్రాబబిలిటీ రూట్ వై ప్లస్ వన్, బై త్రీ. డెన్సిటీ సగమై వన్ బై సిక్స్ రూట్ వై అవుతుంది.

“నాలుగు దగ్గర చూడండి. రెండూ ఒకటీ మూడు, బై మూడు, ఒకటి. సరిపోయింది. ఇందాకటి జవాబుని సున్నా నుంచి నాలుగు దాకా కూడితే నాలుగు బై మూడు వస్తుంది. ప్రాబబిలిటీ ఒకటి దాటడం ఎక్కడైనా ఉందా?”

పెద్ద సారు గొంతు సవరించుకున్నారు. “కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుందమ్మా. పరీక్షలో ఎవరూ కూడి చూడరు.”

కరస్పాండెంటు గారికి మిర్చి కోల్డు స్టోరేజీ ఉంది. నాలుగు బై మూడు అంటే ఒకటి కన్నా ఎక్కువేగా, నష్టమేముంది అన్నట్టు చూశారు. లేచి, “అర్థమైందా?” అన్నారు.

“అర్థమైంది సార్” అని అందరూ అన్నారు. అంతా అయ్యాక చివరి బెంచీ నుంచి ఒక గొంతు వచ్చింది. “నాకు కాలేదు సార్.”

సన్నటి పిల్ల. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. “నిన్నటిదాకా ఈ లెక్క నాకు బాగా వచ్చు సార్. ఇప్పుడు రావట్లా” అంది.

క్లాసంతా నవ్వింది. “చూశావా అమ్మా, వచ్చింది కూడా పోగొట్టావు. చానా కష్టంగా ఉంది నువ్వు చెప్పేది” అన్నారు కరస్పాండెంటు గారు. ఉద్యోగం కుర్రాడికి ఇచ్చారు.

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు కూడా. గల్లాపెట్టె పక్కన కుర్చీ కళ్లముందే ఉంది. ఆ పిల్ల మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. తీరా చూస్తే ఆ పిల్లే వచ్చి పక్కన కూర్చుంది. వాళ్లది బొల్లాపల్లి అట, వినుకొండలో దిగి మారాలి.

“మేడమ్, ఒకటి దాటాక ఎడమవైపు ఎందుకు ఆగింది? అదొక్కటి మళ్లీ చెప్పరా?”

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనుకున్నాను. కానీ ఇక్కడ కందకే దురద పుట్టింది. అద్దం మీద దుమ్ములో వేలితో బొమ్మ గీశాను. పొట్టి ఎడమకాలు, పొడుగు కుడికాలు. ఒకటికి పైన అడ్డంగా ఒక గీత. ఆ గీత కుడికాలికే తగిలింది.

పిల్ల చాలాసేపు చూసింది. “అంటే ఒకటి దాటాక ఎడమకాలే లేదు. లేని కాలికి కూడా చెప్పు కొంటున్నాం మెటీరియల్లో” అంది. ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను.

కొట్టులో కూర్చోవడం మొదలైంది. మిర్చికి తెల్లదోమ మందు అమ్ముతున్న ఒక మధ్యాహ్నం పెద్ద సారు ఫోన్ చేశారు.

“ఏమ్మా, బాగున్నావా? ఆ కుర్రాడు గుంటూరు కోచింగ్ సెంటరుకి పోయాడు. ఇక్కడి పిల్లలకి క్రమశిక్షణ లేదంట.”

“ఏం జరిగింది సార్?”

“ఏముంది. ఆ బొల్లాపల్లి పిల్ల రోజూ లేచి, సార్, కూడితే నాలుగు బై మూడు ఎందుకొస్తోంది అంటది. ఇప్పుడు నన్ను అడుగుతోంది. నువ్వే వచ్చి చెప్పు తల్లీ.”

అలా నా చెడ్డ డెమోకి నాకు ఉద్యోగం వచ్చింది. కరస్పాండెంటు గారు ఒకే ఒక్క షరతు పెట్టారు. “అర్థం కాలేదనే మాట ఈ కాలేజీలో ఇంక వినపడగూడదమ్మా. పేరు పోద్ది.”

“అట్నే సార్” అన్నాను.

మొదటి క్లాసు అదే లెక్కతో మొదలుపెట్టాను. అయ్యాక, “అర్థమైందా?” అన్నాను. “అర్థమైంది మేడమ్” అని అదే రాగం వచ్చింది. చివరి బెంచీలో ఆ పిల్ల మాత్రం తలెత్తి నావైపే చూస్తోంది. వరండాలో కరస్పాండెంటు గారి చెప్పుల చప్పుడు వినిపిస్తోంది.

నేను వెళ్లి తలుపు వేసొచ్చాను. “ఇప్పుడు చెప్పండి. ఎవరికి అర్థం కాలేదు?” అన్నాను.

ఆ పిల్ల చెయ్యెత్తింది. ఆమె ముందు బెంచీలో ఇంకో చెయ్యి లేచింది. తర్వాత క్లాసంతటా చేతులు లేచాయి.