ఎర్రంచు అడిగి తిరిగిపోయినోళ్లు

“నూరు తెప్పియ్యాల్నా, నూటిరవయ్యా అని కాదప్పా నన్ను అడగాల్సింది. పోయినేడు ఎంతమందికి లేదని చెప్పి పంపిస్తివి? అది చెప్పు ముందు.”

కమాల్ బాషా చేతిలోని రిజిస్టరు తెరిచాడు, మూశాడు. పులివెందులలోని చేనేత డిపో అతనికి అప్పగించి ఇంకా ఏడాదిన్నరే అయింది. దీపావళి ముందర ధర తగ్గించి అమ్మే రిబేటు వారానికి ఏ చీరెలు ఎన్ని కావాలో ఈ పున్నం లోపల జమ్మలమడుగు నేతగాళ్ల సంఘానికి కార్డు రాయాలి. అందుకే, అదే డిపోలో అంతకుముందు పదకొండేళ్లు కూర్చున్న దస్తగిరి సాయిబును వెతుక్కుంటూ వచ్చాడు.

“లేదని చెప్పింది ఎవరు రాసుకుంటారు మామా? అమ్మింది రాస్తాం గానీ.”

“నేనూ అదే అంటి,” అన్నాడు దస్తగిరి. “ఆ మాట అన్నందుకే ఒక మగ్గం పాయె.”

మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు దస్తగిరి. మోకాళ్ల నొప్పులతో డిపో మెట్లు ఎక్కలేక మానుకున్నాడే గానీ, బట్ట చేతికిస్తే నూలు ఎన్నో నంబరో ఇప్పటికీ కళ్లు మూసుకుని చెప్తాడు. తలాపున ఒక పాత నోటు పుస్తకం ఉంది. దాన్ని కమాల్ బాషా చూశాడని తెలిసీ తియ్యలేదు. ముందు జరిగింది చెప్పాలనుకున్నాడు. జరిగి ఎనిమిదేళ్లయింది గానీ, చెప్పేందుకు మనిషి దొరికింది ఇప్పుడే.

మొదటి రిబేటు వారం యాభై ఐదులో. మామూలు వారంలో డిపోలో పన్నెండు చీరెలు పోతే గొప్ప. ధర తగ్గిస్తారని దండోరా వేయించాక ఎన్ని పోతాయో ఎవరికీ అంతు చిక్కలేదు. దస్తగిరి ధైర్యం చేసి నూరు తెప్పించాడు. నలభై ఎర్రంచువి, అరవై నీలం అంచువి. లింగాల, సింహాద్రిపురం వైపు నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు జనం. వారం ముగిసేటప్పటికి తొంభై ఆరు పోయాయి. నాలుగే మిగిలాయి, నాలుగూ నీలమే. సంఘం వాళ్లు జాబు రాసి మెచ్చుకున్నారు. ఆ జాబును దస్తగిరి గోడకు అంటించుకున్నాడు.

“ఎనిమిదింతలు అమ్మితిననే గర్వం నాకు. ఆ ముందు రెండు వారాలు, ఎట్లా తగ్గుతాది గదా అని ఒక్కరూ కొనలేదు. ఆ తర్వాత నెల అంతా ఈగలు తోలుకుంటా కూర్చుంటి. అవీ కలిపి చూస్తే ఎనిమిదింతలూ లేదు, ఏమీ లేదు. ఆడ నెలన్నరకు సరిపోను గిరాకీ ఈడ ఒక్క వారంలోకి దూరింది, అంతే. అది మాత్రం ఎట్లనో అప్పుడే తెలుసుకుంటి.”

“మరి తప్పు యాడ జరిగింది మామా?”

“తెలివి ఎక్కువైనకాడ.”

యాభై ఆరులో పండగ పదకొండు రోజులు ముందుకు వచ్చింది. పోయినేడు పండగనాటికి శెనక్కాయ పీకి అమ్మినవాళ్ల చేతుల్లో దుడ్లు ఆడాయి. ఈసారి కాయ ఇంకా భూమిలోనే ఉంటుంది. కాబట్టి నూరొద్దు, తొంభై చాలనుకున్నాడు దస్తగిరి. ఆ ఆలోచన సరైనదే. తర్వాత రిజిస్టరు తెరిచి అంచుల లెక్క తీశాడు. ఎర్రంచు నలభై, నీలం యాభై ఆరు. జనం నీలం వైపే మొగ్గుతున్నారని తేల్చుకున్నాడు. ముప్పై ఐదు ఎరుపు, యాభై ఐదు నీలం అని కార్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో, పైకి చదువుకుంటూ రాశాడు.

డిపో ఊడ్చి, కడవకు నీళ్లు పోసి, వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్లతో మాట కలిపే పెద్దసుబ్బమ్మ అది విన్నది.

“ఏంది దస్తగిరప్పా, నీలం అంత తెప్పిస్తాండావు? పోయినేడు ఎర్రంచు లేదంటే ఎంతమంది నా మీద ఇరుచుకపడిరో తెలుసునా? అంత దూరం నుంచి వస్తిమి, ఒట్టి చేతులతో యాడ పోయేది అని నీలం ఎత్తుకపోయిరి గానీ, మనసుపడి కాదు.”

“నీకు సదువు వచ్చునా సుబ్బమ్మా?”

“రాదప్పా.”

“నాకు వచ్చును. రిజిస్టరు అబద్ధం చెప్పదు.”

“అది అబద్ధం చెప్పదులే. అడిగిందానికే చెప్తాది. నీ మాదిరే,” అని చీపురు తీసుకుని లోపలికి పోయింది సుబ్బమ్మ.

కమాల్ బాషా నవ్వాడు. దస్తగిరి నవ్వలేదు.

“అప్పుడే ఆ రిజిస్టరులో తేదీలు చూసి ఉంటే సరిపోయేదప్పా. రోజుకు రోజు రాసిందే. ఎర్రంచు మూడోరోజు పొద్దుతిరిగేసరికే నలభై అయిపాయె. అది ఉన్న ఆ రెండున్నర రోజుల్లో నీలం అమ్మింది ఎన్ని? పదైదు. అది అయిపోయినాక పోయినయి నలభై ఒకటి. కళ్ల ముందర ఉండె. నేను అడుగున కూడిక మాత్రం చూస్తి.”

ఆ కార్డు జమ్మలమడుగు చేరింది. సంఘం మగ్గాలకు పని పంచింది. సిద్దయ్య మగ్గానికి నీలం వచ్చింది.

సిద్దయ్యను దస్తగిరి అంతకుముందు నాలుగైదు సార్లు చూశాడు. మాట తక్కువ మనిషి. గుంట మగ్గంలో కాళ్లు దించి కూర్చుంటే పక్కన బాంబు పేలినా తల ఎత్తడని ఆ వీధిలో చెప్పుకునేవాళ్లు. కండెలకు నూలు చుట్టేది ఆయన భార్య బాలనాగమ్మ. నీలం నూలు ఇంటికి రాగానే ఆమె గొణిగిందట, పండక్కి ఎవరు కడతారు ఇది అని. సిద్దయ్య ఒక్కటే మాట అన్నాడట. “సాయిబు రాసినాడంటే దానికో లెక్క ఉంటాదిలే.”

“ఆ మాట నాకు ఆమే చెప్పింది,” అన్నాడు దస్తగిరి. “చెప్పకపోయింటే బాగుండు.”

వారం మొదలైంది. రెండోరోజు దీపాలు పెట్టేసరికి ముప్పై ఐదు ఎర్రంచు చీరెలూ ఖాళీ. పోయినేడు దొరకక చిన్నబుచ్చుకున్న ఆడవాళ్లంతా ఈసారి ముందే వచ్చి పడ్డారు. మూడోరోజు నుంచి వచ్చినవాళ్లు బల్ల మీదికి తొంగిచూసి, నీలం మడతలు చూసి, వెనక్కి తిరిగారు. పోయినేటి మాదిరి సర్దుకోలేదు. ఎదురుగా మిల్లుబట్ట అమ్మే కోమటి అంగడాయన పోయినేడు అంతా చూస్తూ కూర్చున్నవాడే. ఈసారి ఎర్రంచు మిల్లు చీరెలు గడప దాకా పేర్చి పెట్టాడు. జనం వీధి దాటారు, అంతే.

పెద్దసుబ్బమ్మ వాకిట్లోనే ఉంది. వెనక్కి తిరిగిన ఒక్కొక్కరికీ కడవ మీద బొగ్గుతో ఒక గీత గీస్తూ కూర్చుంది. ఆ మూడోరోజు సాయంత్రానికే ఇరవై ఆరు గీతలు.

నాలుగోరోజు తెల్లవారి బస్సుకు దస్తగిరి జమ్మలమడుగు పోయాడు. సిద్దయ్య మగ్గం మీద ఇంకా చీరె నడుస్తోంది.

“సిద్దయ్యా, ఇంకా రెండు చీరెలు ఉండాయి గదా ఈ పడుగులో. అవన్నా ఎర్రంచు చేసేకి అయితాదా?”

సిద్దయ్య మొదటిసారి తల ఎత్తాడు.

“అంచు పడుగులోనే, ఆ నిలువు పోగుల్లోనే పుడుతాది సాయిబూ. అడ్డం పోసే పేక అయితే మారుస్తును. ఆరు చీరెల పడుగు ఒకసారి ఎక్కిస్తే ఆరూ ఒకటే తల్లి బిడ్డలు. ఇప్పుడు కొత్త పడుగు ఎక్కించి, అతికి, నేసి ఇచ్చేసరికి నీ పండగ పోయి ఉగాది వస్తాది.”

“అయితే ఇంగేం చేసేది?”

“నువ్వు రాసింది నేస్తి. నేసింది నువ్వు అమ్ముకో.”

కోపంగా అనలేదు. నవ్వుతూనే అన్నాడు. బాలనాగమ్మ సంగటి తిని పొమ్మంది గానీ దస్తగిరి ఆగకుండా బస్సెక్కేశాడు.

ముప్పై ఎనిమిది నీలం చీరెలు మిగిలాయి. రిబేటు వారం దాటాక ఎవరు కొంటారు? కొనే వాళ్లు కొనేశారు, ధర తగ్గినప్పుడు వద్దన్నది నిండు ధరకు ఎవరికి కావాలి? సంఘం నూలు మీద పెట్టిన డబ్బంతా ఆ మడతల్లో చిక్కుకుంది. పాత సరుకు కదిలేదాకా నీలం నేసిన మగ్గాలకు నూలు లేదన్నారు. మిగిలినవాటిలో ఇరవైకి పైగా సిద్దయ్య నేసినవే. వారానికి ఒకటీ అరా పోతుంటే నాలుగు నెలలు గడిచాయి. దస్తగిరి తానే మూడు కొన్నాడు. సంఘానికి రెండు జాబులు రాశాడు, తప్పు నాది, మగ్గానిది కాదు అని. జవాబు రాలేదు.

నాలుగు నెలలు ఖాళీ మగ్గం ముందు కూర్చునే ఓపిక ఏ కడుపుకూ ఉండదు. సిద్దయ్య ప్రొద్దుటూరు పోయి పత్తి జిన్నింగు మిల్లులో బేళ్లు ఎత్తే పనిలో చేరాడు. నూలు మళ్లీ ఇస్తామని సంఘం కబురు పెట్టేనాటికి చేతివేళ్లు మొద్దుబారాయి, తెగిన పోగు అతికేందుకు రావడం లేదన్నాడట.

“ఆ పైయేడు ఒకసారి పోతినప్పా. వాకిట్లోంచే చూస్తి. మగ్గం గుంతలో ఒక మేకపిల్ల పండుకోని ఉంది. బాలనాగమ్మ లోపల ఏదో చేస్తాంది. పిలవకుండానే తిరిగి వస్తి.”

అప్పుడు తలాపున ఉన్న పుస్తకం తీసి కమాల్ బాషా ఒళ్లో పెట్టాడు. పేజీలు తిప్పితే అమ్మినవి ఒక్కటీ లేవు. ఏ రోజు, ఏ ఊరి మనిషి, ఏ చీరె అడిగి లేదంటే పోయింది, అంతే. కొన్నిచోట్ల అక్షరాల బదులు గీతలు ఉన్నాయి.

“ఈ గీతలు?”

“సుబ్బమ్మవి. నేను నమాజుకు పోయినప్పుడు ఆమె గీసేది. ఆ తర్వాత ఆరేండ్లు దీన్ని చూసే కార్డు రాస్తి. ఒక్కసారి కూడా పదికి మించి మిగలలేదు. ఇంకోటి విను. అన్ని మగ్గాలకూ ముందే అంచు చెప్పొద్దు. రెండు మూడు మగ్గాలకు నూలుకు రంగు అద్దకుండా తెల్లగానే ఉంచమని రాయి. దసరాకు డిపోలో ఏది అడుగుతారో చూసి, అప్పుడు చెప్పు రంగు. ఆలస్యంగా చెప్పిన పడుగు కొంచెమే నేస్తారు, కొంచెమే మిగులుతాది. ఒకేసారి అన్నీ ఈడికి తెచ్చి పేర్చుకోవాకు. సగం ఆడ సంఘంలోనే పెట్టించు, మూడోనాడు తెప్పించుకుందువు.”

“ఇవన్నీ నీకు అప్పుడే తెలిసింటే…”

“సుబ్బమ్మకు తెలిసింది గదా. నాకు చెప్పింది గదా.”

కమాల్ బాషా పుస్తకం మూసి మంచం మీద పెట్టాడు. తర్వాత జేబులోంచి కార్డు తీసి, పెన్సిలు నాలుకకు తడుపుకున్నాడు. దస్తగిరి ఆ చేతిని పట్టుకుని ఆపాడు.

“ఈడ రాయొద్దు. రేపు సంఘం కాడికి నువ్వే పో. పోతా పోతా బాలనాగమ్మ ఇంటి కాడ దిగు. ఏ అంచు నేయించమంటావమ్మా అని ఆమెను అడిగి, ఆమె చెప్పిందే రాసుకో. నా పేరు ఎత్తొద్దు. సిద్దయ్య అప్పుడప్పుడు ఇంటికి వస్తాడంట, ఉంటే మాట్లాడు, లేకుంటే బలవంతం చెయ్యొద్దు. ఊరికే లోపలికి తొంగిచూడు బాషా. ఆ మగ్గం గుంత పూడ్చేసినారో, ఇంకా అట్లే ఉందో చూసి, నాకొచ్చి చెప్పు.”