దసరా ముందు తీసిన ఇమేజ్

రేపల్లెలో అక్కావాళ్ల ఇంటి ముందు గదిలో నేను డీటీపీ చేసేవాణ్ణి. శుభలేఖలు, పెదకర్మ కార్డులు, ట్యూషన్ కరపత్రాలు. ఉన్నది ఒక్కటే కంప్యూటర్. అది మొరాయిస్తే విండోస్ మళ్లీ ఎక్కించి, తెలుగు ఫాంట్లు, ప్రింటరు డ్రైవర్లు వెతుక్కునేసరికి రెండు రోజులు పోయేవి. రెండుసార్లు అలా పోయాక గానీ నాకు బుద్ధి రాలేదు.

దసరాకు ముందు ఒక ఆదివారం, అన్నీ సక్రమంగా ఉన్నప్పుడే, సీ డ్రైవ్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఇమేజ్ తీసి బయటి హార్డ్‌డిస్క్‌లో దాచాను. కంప్యూటర్ లేవనప్పుడు దాన్ని లేపి, ఆ ఇమేజ్‌ను తిరిగి ఎక్కించడానికి ఒక బూట్ సీడీ కూడా రాశాను. ఆ సీడీతో ఒకసారి లేపి చూసుకున్నాను.

“ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. శుభ్రంగా నడిచేదానికి ఇప్పుడు వైద్యం ఏంట్రా?” అంది అక్క. ఆయుధపూజ రోజున మాత్రం ఆ రెండింటినీ కీబోర్డు పక్కన పెట్టి పూజ చేసింది.

కార్తీకంలో పెనుమూడి నుంచి ఒక రైతు వచ్చి, తండ్రి పెదకర్మ కార్డు మ్యాటరు నోటితో చెప్పి వెళ్లాడు. కర్మ ఎల్లుండి. మర్నాడు పన్నెండు గంటల బస్సుకు కార్డులు అందకపోతే ఏటి అవతలి చుట్టాలకు కబురే ఉండదు. ఆ సాయంత్రం కరెంటు పోయింది. యూపీఎస్ ఎప్పుడో చచ్చింది. పొద్దున ఆయన వచ్చి కూర్చునేసరికి తెర మీద ఏదో ఫైలు లేదన్న ఒక్క వాక్యం తప్ప ఏమీ లేదు.

నేను కంగారు పడలేదు. కాస్త గర్వంగానే సీడీ తీశాను. మెరిసే వైపున మూడు పసుపు బొట్లు, వాటి మీద కుంకుమ. అక్క మీద ఒళ్లు మండింది. తడిగుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచి పెడితే చదివింది. అరగంటలో ఇమేజ్ ఎక్కి, కంప్యూటర్ మామూలుగా లేచింది.

కార్డు మాత్రం లేదు. నిన్న దాన్ని డీ డ్రైవ్‌లో కాక డెస్క్‌టాప్ మీదే దాచాను. డెస్క్‌టాప్ ఉండేది సీలోనే. సీడీతో లేపినప్పుడే ఆ కార్డు ఫైలును బయటికి తీసుకోవాల్సింది. తొందరలో ఆ పని చేయకుండా పాత ఇమేజ్‌ను దాని మీద ఎక్కించేశాను. సీలో ఏదీ దాచొద్దని ఊరందరికీ చెప్పేవాణ్ణి నేనే. సిగ్గేసింది.

“బాబాయ్ గారూ, మ్యాటరు పోయిందండి. మళ్లీ చెప్పాలి. ఇది దసరా ముందు ఎలా ఉందో అలా అయిపోయింది” అన్నాను.

ఆయన కోప్పడలేదు. తెర వంక చూశాడు.

“దసరా ముందంటే, అప్పటికి మా నాన్న పొలం వెళ్తున్నాడండి” అన్నాడు.

తరువాత పేరు నుంచి మొదలుపెట్టి అన్నీ మళ్లీ చెప్పాడు. పేరుకు ముందు ‘కీర్తిశేషులు’ అని నేనే కొట్టుకున్నాను. ఆ మాట ఆయన చేత రెండోసారి చెప్పించడానికి నాకు మనసొప్పలేదు. కార్డులు పన్నెండు గంటల బస్సుకు అందాయి.