కొటేషన్‌లో ఏడో ఐటెమ్

ముందే చెప్పేస్తున్నాను, నా మాటల్లో కొంత తరుగు తీసి నమ్మండి. మా ఇంటి గోడ మీద బల్లి కనబడితే, నేను దాన్ని వీధి చివరికి చేర్చేసరికి ఉడుమవుతుంది, మార్కెట్‌కి చేర్చేసరికి మొసలి అవుతుంది. దారిలో దానికి మేత వేసింది నేనేనని మా ఆవిడ అంటుంది. ఆవిడ మాటకి మాత్రం తరుగు అక్కర్లేదు.

తొంభైల్లో నాకు భిలాయ్ సెక్టర్ 2 మార్కెట్ వెనకాల టెంట్ హౌస్ ఉండేది. కుర్చీలు, షామియానాలు, సీరియల్ లైట్లు, వంట గిన్నెలు, వాటితోపాటు శ్రీకాకుళం నుంచి వచ్చిన వంట మామయ్య ఒకడు. పెళ్ళిళ్ళూ సత్యనారాయణ వ్రతాలూ చేసేవాణ్ణి. సామాను అందరి దగ్గరా ఉండేదే. నా గొప్పంతా కొటేషన్‌లో ఉండేది. నాలుగు తీగల లైట్లకి ‘నక్షత్ర మండల దీపాలంకరణ’ అని రాసేవాణ్ణి. ఉతికిన తెల్లగుడ్డ పరిచిన బల్లకి ‘రాజప్రాసాద భోజన వేదిక’. నా కొటేషన్ చదివిన పార్టీవారు విందుకి వచ్చాక వేదిక ఎక్కడుందని వెతుక్కున్న సందర్భాలు లేకపోలేదు.

అలాంటి నా దుకాణానికి ఒక చలికాలం సాయంత్రం స్టీలు ప్లాంటు కొనుగోళ్ళ విభాగం ఆఫీసరు ఒకాయన వచ్చారు. మాది శ్రీకాకుళమైతే ఆయనది విజయనగరం. గుమాస్తాగా చేరి ఆఫీసరైనా సెక్టర్ 7లో పాత క్వార్టరు వదల్లేదు. నట్టు కొనాలన్నా మూడు కొటేషన్లు తెప్పించే మనిషి. బోల్టుకి మళ్ళీ విడిగా మూడు.

“మా ఇరవై అయిదో పెళ్ళిరోజు. మా బ్లాకు డాబా మీద ఇద్దరికీ భోజనం. ఆవిడికి తెలీకూడదు. ప్రతిసారీ ఆ రోజే ఏదో అర్జెంటు పని తగిలీది. ఈసారి ఆవిణ్ణి కూర్చోబెట్టి వడ్డించాల. కొటేషన్ ఇవ్వండి,” అన్నారు.

“ఇద్దరికేటి సార్, రెండొందల మందికి చేద్దాం!”

“ఇద్దరికే. మిగతా ఇద్దరు టెంట్ హౌస్‌ల వాళ్ళనీ అడిగేను.”

భార్యకి భోజనం పెట్టడానికి టెండరు పిలిచిన మగాడు భూమండలం మీద ఆయనొక్కరే అయి ఉంటారు.

నేను మూడు రాత్రులు మేలుకొని, లాంతరు కింద కూర్చొని (కరెంటు ఉంది, అయినా లాంతరు బాగుంటుంది), కావ్యం రాసినట్టు కొటేషన్ రాశాను. మర్నాడు ఆయన ఆకుపచ్చ ఇంకు పెన్ను తీసి పక్కనే కూర్చున్నారు.

“నక్షత్ర మండలం అంటే ఎన్ని తీగలు?”

“నాలుగు సార్.”

‘నక్షత్ర మండలం’ కొట్టేసి ‘సీరియల్ లైట్లు, నాలుగు తీగలు, కరెంటు పార్టీవారిది’ అని రాశారు. రాజప్రాసాద వేదిక కాస్తా ‘బల్ల ఒకటి, కుర్చీలు రెండు, తెల్లగుడ్డ, బంతిపూల దండలు’ అయింది. సంగీతం దగ్గర నేను ‘మంద్ర మధుర గాన గోష్ఠి’ అని రాసుకున్నాను.

“ఎంతమంది కళాకారులు?”

“టేప్ రికార్డరు సార్. క్యాసెట్లు రెండు.”

“సౌండ్ తగ్గించాల. పక్క క్వార్టరు ఫోర్‌మన్‌కి ఈ వారం నైట్ డ్యూటీ. సాయంత్రమంతా పడుకుంటాడు. లేచేడంటే మీ గోష్ఠి అయిపోయినట్టే.”

మూడో ఐటెమ్‌గా ‘ఆకాశ దీపాలంకరణ, ఉచితం’ అని రాశాను. చీకటి పడ్డాక ప్లాంటు వాళ్ళు ఇనుము తీసేయగా మిగిలిన స్లాగుని, ఆ కరిగిన చిట్టాన్ని, గుట్ట మీద ఒంపితే, ఊరి మీద ఆకాశమంతా ఎర్రగా వెలుగుతుంది కదా, దాన్ని మన ఖాతాలో వేసుకుంటే పోయేదేముందని.

ఆయన కళ్ళద్దాల మీంచి చూశారు. “ఇది ప్లాంటు ఆస్తి. మీరు కోట్ చెయ్యడానికి లేదు.” కొట్టేశారు.

టైమింగ్ ఆయనే చెప్పారు. అయిదింటికి సామాను పైకి. అమ్మగారు ఆ వేళకి గుడికి వెళ్తారు. ఏడింటికి ఆవిణ్ణి ఆయన పైకి తీసుకొస్తారు. తొమ్మిదికి అంతా ఖాళీ, ఊడ్చి మరీ. పైన చప్పుడైతే ఏటి చెప్పాలని అడిగితే, “వాటర్ ట్యాంకులు కడుగుతున్నారని నేను చెప్తాను” అన్నారు.

ఇక మెనూ. గుత్తివంకాయ, పులిహోర, పెసర గారెలు, సేమ్యా పాయసం అని ఆయన గడగడా చెప్పేశారు. నేను రాసుకుంటూ ఆగాను.

“ఇవన్నీ మీకిష్టమైనవి కదా సార్. అమ్మగారికి ఏటిష్టం?”

ఆయన కళ్ళద్దాలు తీశారు, తుడిచారు, మళ్ళీ పెట్టుకున్నారు. ప్లాంటులో ఏ బేరింగు ఏ దేశం నుంచి వస్తుందో చెప్పగల మనిషి.

“రేపు చెప్తాను,” అన్నారు.

మర్నాడు వచ్చి, “అడిగేను. ‘మీరేటి తింటే నానూ అదే’ అంది,” అన్నారు. ఎప్పుడూ ఆవిడ వండి, ఆయనకి పెట్టి, మిగిలింది తినేదట. ఏది మిగులుతుందో ఆయనకి తెలుసుగానీ, ఆవిడకేది ఇష్టమో తెలీదు. ఆ పూట కుర్చీలో బాగా తగ్గి కూర్చున్నారు.

నాకు జాలేసింది. కాగితం లాక్కొని ఏడో ఐటెమ్ రాశాను: ‘అమ్మగారు అక్కడికక్కడ అడిగినది, ఒకటి.’

“స్పెసిఫికేషన్ లేని ఐటెమ్‌కి రేటెలాగ వేస్తారు?” అని ఆయన ఎగిరిపడ్డారు. నేను గంటసేపు ఉపన్యసించాను. మనసుకి కొలత లేదన్నాను, ప్రేమకి టెండరు లేదన్నాను. మార్కెట్ జనమంతా చప్పట్లు కొట్టారు. చివరికి ఆయన ఆకుపచ్చ సంతకం పెట్టారు.

పెళ్ళిరోజు వచ్చింది. నేనూ వంట మామయ్యా సామాను పైకి చేర్చి, బల్ల వేసి, గుడ్డ పరిచాం. మామయ్య కుంపటి రాజేశాడు. అప్పుడు మెట్ల మీద గాజుల చప్పుడు వినపడింది.

ట్యాంకులు కడుగుతున్నారంటే ఏ ఇల్లాలైనా గుడికి వెళ్తుందా? నీళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తాయో ఏమోనని ఆవిడ ఇంట్లో ఉన్న బకెట్లూ బిందెలూ చెంబులూ, ఆఖరికి గరిటెలతో సహా (గరిటెలు నేను కలిపినవి) నింపుకుంటూ ఇంట్లోనే ఉండిపోయారు. అది చాలక, చలిలో ట్యాంకు కడిగేవాళ్ళు పాపమని కెటిల్‌తో టీ పట్టుకొని పైకొచ్చారు. కొనుగోళ్ళ విభాగం వారి ప్లానింగులో ఈ సంగతి లేదు.

ఆవిడ బల్లని చూశారు. రెండు కుర్చీల్ని చూశారు. బంతిపూల దండలు చూశారు.

“ట్యాంకు కడగడానికి టేబులేస్తారేటి బాబూ?”

నా జీవితంలో నాకు అబద్ధం తోచనిది ఆ ఒక్క క్షణమే. మామయ్య వంకాయలకేసి చూస్తున్నాడు. ఆవిడ ఒక కుర్చీ వీపు మీద చెయ్యి వేశారు.

“ఆయనేనా?” అన్నారు మెల్లగా.

“అమ్మా, మీరు చూడలేదు. దిగిపోండమ్మా. మీరు చూసేరంటే సార్ గుండె ఆగిపోతాది.”

“చూళ్ళేదులే. ఎన్నింటికి చూడాల?”

“ఏడింటికమ్మా.”

“బెల్లం పాయసం కదా, దించేక పాలు పొయ్యి బావూ, లేపోతే విరిగిపోద్ది,” అని మామయ్యకి చెప్పి, టీ మాకు పోసి, దిగిపోయారు.

ఏడింటికి ఆయన సూటు వేసుకొని, పట్టుచీరలో ఆవిణ్ణి చెయ్యి పట్టుకొని తీసుకొచ్చారు. ఆవిడ ఇంకా మూడు మెట్లు ఉండగానే, గోడ తప్ప ఏమీ కనపడని చోట, “హయ్యో! ఏటండీ ఇదీ!” అని గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. మా ఊరి నాటకాల్లో కూడా అంత అన్యాయమైన నటన చూడలేదు. ఆయన మాత్రం ఆనందంతో ఎర్రబడ్డారు. గమనించలేదు. నేను లైట్లు వేసి, టేప్ రికార్డరు చీమలకి వినపడేంత సన్నగా పెట్టాను.

ఆవిడ కూర్చోవడం లేదు. కుంపటి వైపే నడుస్తున్నారు.

“నువ్వు కూర్చో. ఈ రోజు నేను వడ్డిస్తాను,” అన్నారాయన. జేబులోంచి కొటేషన్ తీసి, సభలో చదివినట్టు చదివారు. “ఇంకా ఏడో ఐటెమ్ ఉంది. నువ్వేటి అడిగితే అది. ఒకటి.”

“ఏదైనానా?”

“ఏదైనా.”

ఆవిడ చాలాసేపు ఆలోచించారు. ఆయన నిజంగా భయపడుతున్నారు. పాతికేళ్ళలో ఏమీ అడగని మనిషి ఒకేసారి ఏమడుగుతుందో ఎవరికి తెలుసు?

“మిరపకాయ బజ్జీలు,” అన్నారావిడ. “ప్లేట్లో వద్దు. పేపర్లో. నిలబడి తినాల. పెళ్ళయిన కొత్తలో సెక్టర్ 2 మార్కెట్లో బండి దగ్గర తినీవాళ్ళం, గుర్తుందా? మీరు ఆఫీసరయ్యేక ఆ బండి దగ్గర ఆగడం మానీసేరు.”

ఆయన నా వైపు తిరిగి, “చెయ్యండి,” అన్నారు.

శనగపిండి ఉంది. నూనె ఉంది. మిరపకాయలు లేవు. మామయ్య తెచ్చినవి పులిహోర పోపుకి ఎండు మిరపకాయలు. నేను సైకిలెక్కి మార్కెట్‌కి పరిగెడతానన్నాను. ఆయన అప్పటికే మెట్లు దిగుతున్నారు. సొంత వంటింట్లో వెతికితే ఏ డబ్బాలో ఏముందో ఆయనకి తెలీదు. బిందెలు తప్ప ఏమీ కనపడలేదట. చివరికి పక్క క్వార్టరు తలుపు కొట్టారు.

నైట్ డ్యూటీ ఫోర్‌మన్ లుంగీలో, జుట్టు సింహం జూలులా రేగిపోయి బయటికొచ్చాడు.

“ఏటి సార్, ప్లాంటు పేలిపోయిందా?”

“కాదయ్యా. నాలుగు మిరపకాయలున్నాయా? బజ్జీలకి.”

ఫోర్‌మన్ పెట్టిన కేకకి మూడు సెక్టర్ల కుక్కలు లేచాయి. అయినా అతను మిరపకాయలు తెచ్చాడు, దగ్గరుండి పైకి కూడా తెచ్చాడు, తన వాటా తినే దిగాడు. మూడు కొటేషన్లు లేకుండా ఆయన సంపాదించిన మొదటి సరుకు అదేనని నా నమ్మకం.

మామయ్య బజ్జీలు దించాడు. ఆయన పాత హిందీ పేపరు ముక్కలో పెట్టి, మొదటి పొట్లం ఆవిడ చేతికిచ్చారు. ఇద్దరూ పిట్టగోడ దగ్గర నిలబడ్డారు. అప్పుడు స్లాగు ఒంపారు. ఆకాశం ఒక్కసారి ఎర్రగా తెరుచుకుంది, ఆవిడ పట్టుచీరా ఆయన సూటూ ఒకే రంగయ్యాయి.

“వేడిగా ఉన్నాయి,” అన్నారావిడ, నోరు తెరిచి ఊదుకుంటూ. కూర్చోలేదు, కానీ వంట వైపు కూడా మళ్ళీ చూడలేదు. గుత్తివంకాయ మేం తిన్నాం.

ఇక తరుగు తీసేది ఎక్కడో చెప్పాలి కదా. మూడు రాత్రులు నిజం కాదు, ఒక మధ్యాహ్నం. చప్పట్లు లేవు, మార్కెట్‌కి ఆ రోజు సెలవు. ఫోర్‌మన్ కేకకి ఒక్క కుక్కే లేచింది. స్లాగు మాత్రం సరిగ్గా అప్పుడే ఒంపారు. ఆ ఒక్కటీ నేను పెంచింది కాదు, మీరు నమ్మకపోయినా సరే.

నేను పూర్తిగా కల్పించింది ఒకటుంది. ఏడో ఐటెమ్ నేను రాయలేదు. నా విశేషణాలన్నీ కొట్టేసిన పెన్నుతోనే, కాగితం కింది ఖాళీలో, ఆయనే రాశారు. “స్పెసిఫికేషన్ లేకుండా రేటెలాగ వెయ్యడం సార్?” అని ఎగిరిపడింది నేను.

“మీకెంత తోస్తే అంత వెయ్యండి,” అన్నారాయన. “దీనికి బేరం లేదు.”