రెండు ఎయిర్‌పోర్టుల గోవా

భిలాయి సుపేలాలో నాది టికెట్లు బుక్ చేసే దుకాణం. గోవా అన్న ప్రతి మనిషినీ విసిగించేవాణ్ణి. "దిగి ఎక్కడికెళ్తారు? వాస్కో వైపైతే కోడ్ జీఓఐ, దబోలిం. ఉత్తరానికైతే జీఓఎక్స్, మోపా. అది తేల్చండి, అప్పుడే బుక్ చేస్తాను."

వాస్కో ఆస్పత్రిలో అక్కకి ఇంక ఆశ లేదని బావ ఫోన్ చేసిన రోజు, ఆ ప్రశ్న నాకు నేను వేసుకోలేదు. తెర మీద గోవా అని ఉంది. త్వరగా చేరే విమానం ఎక్కేశాను, కోడ్ చూడలేదు. మోపాలో దిగాను. వాస్కోకి అక్కణ్ణుంచి రెండు గంటల దారి.

"ఏటిరా, ఎక్కడున్నావు? గేటు బయటే నిలబడ్డాను" అన్నాడు బావ ఫోన్‌లో. ఆయన నిలబడింది దబోలింలో. నాకోసం అక్క మంచం పక్కనుంచి లేచి వచ్చాడు.

మేమిద్దరం చెరో ఎయిర్‌పోర్టులో ఉండగానే అక్క పోయింది. బావ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.